72 కి.మీ./గం. వేగం సెకనుకు 259.2 మీటర్లా?

"150 మీటర్ల రైలు గంటకు 72 కి.మీ. వేగంతో స్తంభాన్ని ఎంతసేపట్లో దాటుతుంది? నాకు 259.2 మీ./సె. వేగం, 0.58 సెకన్లు వచ్చాయి. కీలో 7.5 ఉంది. తప్పెక్కడ?"

కీ కరెక్టేనండి. మీరు 18/5తో గుణించారు, అది తలకిందులైంది. 5/18 బట్టీ పట్టే బదులు యూనిట్లతో సహా రాయండి:

```
72 km/h × (1000 m / 1 km) × (1 h / 3600 s) = 20 m/s
```

పైన km, కింద km కొట్టేయండి, h కూడా అంతే. మిగిలేది m/s. మీలా తిరగేసి రాస్తే km, h పోకపోగా రెండేసి సార్లు వచ్చి కూర్చుంటాయి. తప్పు అక్కడే బయటపడుతుంది.

150 ÷ 20 = 7.5 సెకన్లు.

ఇక జవాబు నమ్మేలా ఉందా అన్నది. సెకనుకు 259 మీటర్లంటే గంటకు దాదాపు 933 కి.మీ., అంటే విమానం వేగం! మీ./సె. అంకె ఎప్పుడూ కి.మీ./గం. అంకెలో మూడో వంతు కంటే కాస్త తక్కువే ఉండాలి. 72లో మూడో వంతు 24, కాబట్టి 20 సరిపోతుంది.

అయితే ఈ అంచనా చిన్న తప్పుల్ని పట్టదు. 72ను 18/5, అంటే 3.6 బదులు 4తో భాగిస్తే 18 వస్తుంది, అదీ బాగానే కనిపిస్తుంది. అందుకే వెనక్కి మార్చి చూడండి: 18 × 3.6 = 64.8, 72 కాదు.