పళ్ల బొమ్మల లెక్కలో చివరి వరుస

బెంగళూరులో మా అపార్టుమెంటు తెలుగువాళ్ల గ్రూపులో ఒక లెక్క పెట్టారు. మూడు దానిమ్మలు 27. ఒక దానిమ్మ, రెండు అరటి గుత్తులు కలిపితే 25. గుత్తిలోంచి కొబ్బరి చిప్పల జత తీసేస్తే 2. చివరి వరుస కొబ్బరి + దానిమ్మ × అరటి. నాకు 120 వచ్చింది, జవాబు 57 అంటున్నారు. ఎలా?

మొదటి మూడు వరుసలూ మీరు సరిగానే చేశారు. దానిమ్మ 9, గుత్తి 8, కొబ్బరి జత 6. ఇప్పుడు బొమ్మను పెద్దది చేసి చివరి వరుస చూడండి. పై గుత్తుల్లో నాలుగేసి పళ్లుంటాయి, కింద మూడే. కొబ్బరి కూడా జత కాదు, ఒక్క చిప్ప. పండుకు 2 చొప్పున అరటి 6, చిప్ప 3. గుణకారం ముందు చేయాలి కాబట్టి 9 × 6 = 54, దానికి 3 కలిపితే 57.

మల్లేశ్వరంలో నా దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లల తప్పు జవాబే పొరపాటు ఎక్కడుందో చెప్పేస్తుంది. 78 వస్తే బొమ్మల తేడా చూడలేదు. 72 వస్తే తేడా చూశారు గానీ కూడిక ముందు చేశారు. 120 అంటే రెండూ జరిగాయి. అందుకే చివరి వరుసలో ప్రతి బొమ్మ కిందా పెన్సిలుతో విలువ రాయించి, ఆ తర్వాతే గుర్తుల జోలికి వెళ్లనిస్తాను.

ఒక్క మాట మీ పక్షాన కూడా చెప్పాలి. నాలుగు పళ్ల గుత్తి 8 అయితే మూడు పళ్లది 6 అని ఆ సమీకరణాలు ఎక్కడా నిరూపించవు. పళ్లన్నీ సమాన విలువ గలవని మనం ఒప్పుకుంటేనే 57 నిలుస్తుంది.