డబ్బు కట్ అయింది, రీచార్జ్ ఏది?

ప్రశ్న: నిన్న రాత్రి యూపీఐతో 299 రీచార్జ్ చేశాను. బ్యాంకులో డబ్బు కట్ అయింది, ప్లాన్ మాత్రం రాలేదు. యాప్‌లో ఇంకా ‘ప్రాసెసింగ్’ అనే చూపిస్తోంది. మళ్లీ చేయమంటారా? - ఒక పాఠకుడు, దిల్‌సుఖ్‌నగర్

ఇప్పుడే వద్దు. మొదటిది ఆలస్యంగా పడితే మీ నంబరు మీద రెండు ప్లాన్లు ఉంటాయి. రెండోదాని డబ్బు వెనక్కి రాబట్టుకోవడం మహా కష్టం.

ఈ ఫిర్యాదు నాకు తరచూ వస్తూనే ఉంది. ఇందులో రెండు పనులున్నాయి. బ్యాంకు నుంచి రీచార్జ్ యాప్ ఖాతాకు డబ్బు చేరడం ఒకటి, ఆ యాప్ చెప్పగానే ఆపరేటర్ మీ నంబరుకు ప్లాన్ వేయడం ఇంకొకటి. మీరు డబ్బు కట్టిన యూపీఐ యాప్ హిస్టరీలో ఆ చెల్లింపు ‘సక్సెస్’ అని ఉంటే మొదటి పని అయిపోయినట్టే. ఇక బ్యాంకు చుట్టూ తిరిగి లాభం లేదు. తేడా రెండో దగ్గర జరిగింది.

అక్కడ ఆపరేటర్ సర్వర్ టైముకి జవాబివ్వకపోతే, ప్లాన్ పడిందో లేదో యాప్‌కే తెలియదు. అందుకే వెంటనే రీఫండ్ ఇవ్వదు. ఇచ్చాక ప్లాన్ కూడా పడితే నష్టం దానిదే కదా. ముందు ఆర్డర్ నంబరుతో స్టేటస్ అడుగుతుంది. అప్పటికీ తేలకపోతే ఇద్దరి లెక్కల ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి సరిచూస్తారు. మీ ఆర్డర్ ఆపరేటర్ జాబితాలో ఉంటే సక్సెస్, లేకపోతే రీఫండ్. ఈ సంగతి ఒక్క వాక్యంలో చెప్పకుండా గంటల తరబడి చక్రం తిప్పే యాప్‌లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

యాప్ ‘సక్సెస్’ అని ఆపరేటర్ రిఫరెన్స్ నంబరు చూపించినా ప్లాన్ లేకపోతే, ముందు ఏ మొబైల్ నంబరుకు వేశారో చూసుకోండి. పాత నంబరుకు వేసేసి ఆపరేటర్‌ని తిట్టేవాళ్లు చాలామందే ఉన్నారు. నంబరు సరైనదే అయితే ఆ రిఫరెన్స్‌తో ఆపరేటర్ ఫిర్యాదుల నంబరు 198కి ఫిర్యాదు చేసి డాకెట్ నంబరు తీసుకోండి.

చెల్లింపే మధ్యలో ఆగి, డబ్బు మాత్రం కట్ అయితే రిజర్వ్ బ్యాంక్ 2019 నిబంధన వర్తిస్తుంది. 5వ తేదీన కట్ అయిన డబ్బు 10వ తేదీకల్లా దానంతటదే వెనక్కి రావాలి. దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం.

నన్ను అన్నిటికన్నా భయపెట్టేది మరొకటి. ఈ టెన్షన్‌లో చాలామంది సెర్చ్‌లో ‘కస్టమర్ కేర్ నంబర్’ అని వెతుకుతారు. అక్కడ మోసగాళ్లు తమ నంబర్లు పెట్టుకుని కాచుకుని ఉంటారు. రీఫండ్ ఇస్తామంటూ స్క్రీన్ షేరింగ్ యాప్ వేయిస్తారు, యూపీఐ పిన్ కొట్టమంటారు. పిన్ కొడితే డబ్బు పోవడమే తప్ప రావడం ఉండదు. 299 కోసం ఖాతా ఊడ్చుకుపోతుంది. ఫిర్యాదు యాప్ లోపలి హెల్ప్‌లోనే, ఆ ఆర్డర్ మీదే పెట్టండి. ఇప్పటికే ఎవరికైనా పిన్ కొట్టి ఉంటే ఈ రీచార్జ్ సంగతి వదిలేసి, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.