‘చేయకండి’లో ‘క’ వినపడకపోతే

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైంది. ఇంటి నుంచి పని చేసే రోజుల్లో వింటుంటాను, ఆఫీస్ కాల్స్‌లో సగం తెలుగు, సగం ఇంగ్లీష్. ఇలాగైతే పైకి రాగలదా? 30 వేలు పెట్టి స్పోకెన్ ఇంగ్లీష్ కోర్సులో చేర్చాలా, అలా వదిలేయాలా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: ముందుగా, తలుపు పక్కన నిలబడి అమ్మాయి కాల్స్ వినడం మానేయండి సార్. మీరు వింటున్నారని తెలిస్తే వచ్చిన ఇంగ్లీష్ కూడా తడబడుతుంది.

కలిపి మాట్లాడటం ఇంగ్లీష్ రాకపోవడం కాదు. ఇద్దరు తెలుగువాళ్లు కూర్చుని ఒక ఎర్రర్ ఎందుకొస్తోందో వెతుకుతున్నప్పుడు తెలుగే పనికొస్తుంది. ‘మనం క్లయింట్‌కి కాల్ చేయాలి’ అంటే ఎదుటి మనిషి కూడా ఉండాలి, ‘మేం చేస్తాం’ అంటే అక్కర్లేదు. ఇంగ్లీష్ ‘వుయ్’లో ఆ తేడా లేదు.

చిక్కు ఎక్కడంటే, మన కలగలుపులో వస్తువు పేరు, పని పేరు ఇంగ్లీష్‌లో ఉంటాయి. చేయాలా వద్దా, అయ్యిందా లేదా అన్నది మాత్రం వాక్యం చివర తెలుగులో ఉంటుంది. నా దగ్గర చదువుకున్న ఒకబ్బాయి రాత్రి షిఫ్ట్ వాళ్లకు పని అప్పగిస్తూ, ‘సర్వర్ రీస్టార్ట్ చేయకండి, బ్యాకప్ ఇంకా అవ్వలేదు’ అన్నాడు. కాల్‌లో ఉన్న పుణె అమ్మాయికి సర్వర్, రీస్టార్ట్, బ్యాకప్ మూడూ అర్థమయ్యాయి. ‘క’, ‘లేదు’ అర్థం కాలేదు. బ్యాకప్ అయిపోయింది, రీస్టార్ట్ చేయమంటున్నాడు అనుకుని చేసేసింది. బ్యాకప్ మధ్యలో ఆగింది, మళ్లీ మొదటి నుంచి తీయాల్సి వచ్చింది. మాటలన్నీ తెలుగే అయితే ‘నాకు అర్థం కాలేదు’ అని ఆ అమ్మాయి అడిగి ఉండేది. సగం అర్థమైంది కాబట్టే అడగలేదు.

కాబట్టి తెలుగు రానివాళ్లు ఒక్కరున్నా, వద్దు, కాలేదు, ఎప్పటికల్లా, ఎవరు అన్న నాలుగూ ఇంగ్లీష్‌లో పడాలి. వద్దన్న మాట ముందే రావాలి: ‘డోంట్ రీస్టార్ట్’ అని, తర్వాత కారణం. అవతలివాళ్లు ‘ఓకే’ అంటే సరిపోదు, ఏం చేయబోతున్నారో వాళ్ల నోట చెప్పించుకోవాలి. ఆ అబ్బాయి అదే మరిచాడు.

ఇక కోర్సు సంగతి. నాకు వీటి మీద నమ్మకం తక్కువ. నేను చూసినవాటిలో సెల్ఫ్ ఇంట్రడక్షన్, గ్రూప్ డిస్కషన్, కొంచెం యాస నేర్పించారు. షిఫ్ట్ మారేటప్పుడు పని ఎలా అప్పగించాలో ఒక్కచోటా చెప్పలేదు. నాలుగు నెలలుగా కాల్స్ నడిపిస్తున్న అమ్మాయికి మళ్లీ ‘మై నేమ్ ఈజ్’ నేర్పించడానికి 30 వేలా? టెన్షన్ మీది సార్, కోర్సు ఆ పిల్ల మీద పడుతోంది.

రోజూ పని ముగించేముందు, ఆ కాల్‌లో లేని మనిషి చదివినా అర్థమయ్యేలా ఇంగ్లీష్‌లో నాలుగు లైన్లు రాసి టీమ్ చాట్‌లో పెట్టమనండి: ఏది అయింది, ఏది కాలేదు, ఏది ముట్టుకోకూడదు, తర్వాత ఎవరు చూడాలి. అది చదివాక కూడా రాత్రి ఫోన్ చేసి అడుగుతున్నారంటే, ఏ లైన్ గురించి అడిగారో చూసుకుని మర్నాడు దాన్ని మార్చి రాస్తే చాలు.