రాజేంద్రుడు, విష్ణువర్ధనుడు, కులోత్తుంగుడు: ఎందరు రాజులు?

సందేహం: అయ్యా, మా ఊరి గుడి కమిటీ గోడ మీద చరిత్ర రాయిస్తోంది. దానం ఇచ్చిన రాజును ఒకచోట రాజేంద్రుడనీ, ఒకచోట విష్ణువర్ధనుడనీ, మరోచోట కులోత్తుంగ చోళుడనీ రాశారు. చదివినవాళ్లు ముగ్గురు రాజులనుకుంటున్నారు. వీటిలో అసలు పేరేది, బిరుదేది? అలాగే రాజమహేంద్రవరం అన్న పేరు ఏ రాజుది?
– ఒక పాఠకుడు, ద్రాక్షారామం

సమాధానం: రాజు ఒక్కడే. రాజరాజ నరేంద్రుడికీ, చోళ చక్రవర్తి మొదటి రాజేంద్రుడి కూతురు అమ్మంగదేవికీ పుట్టిన కొడుకు ఆయన. రాజేంద్రుడు అన్నది ఇంట్లో పెట్టిన పేరు. విష్ణువర్ధనుడు అన్నది వేంగి సింహాసనంతో పాటు వచ్చిన పేరు. కులోత్తుంగుడు అన్నది చోళ సింహాసనం ఎక్కిన నాలుగైదేళ్లకు వాడుకలోకి వచ్చిన పేరు. మూడూ పేర్లే, అయితే మూడూ ఒక్క రకం పేర్లు కావు. వీటిలో ఏదీ బిరుదు కాదు. ఆయన బిరుదులు వేరే ఉన్నాయి, వాటి సంగతి తర్వాత చెబుతాను.

ముందు విష్ణువర్ధనుడి సంగతి చూద్దాం, తికమకంతా అక్కడే మొదలవుతుంది. వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు. బాదామి రెండో పులకేశికి తమ్ముడు. ఆయనకది సొంత పేరు. తరవాత వచ్చిన రాజులు దాన్ని పట్టాభిషేక నామంగా చేసుకున్నారు. దానికి జంటగా విజయాదిత్యుడు అన్న పేరు నిలిచింది. తండ్రి విష్ణువర్ధనుడైతే కొడుకు విజయాదిత్యుడు, ఆ కొడుకు కొడుకు మళ్లీ విష్ణువర్ధనుడు. పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదైనా, పట్టం కట్టేనాటికి ఈ రెండింటిలో ఒకటి వంతు ప్రకారం వచ్చేది.

ఈ వంతు ఎలా పనిచేసిందో ఇద్దరు అమ్మరాజుల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. పదో శతాబ్దంలో వేంగిని అమ్మరాజు అనే పేరుతో ఇద్దరు ఏలారు. మొదటి అమ్మరాజు తండ్రి విజయాదిత్యుడు, కాబట్టి ఆయన విష్ణువర్ధనుడయ్యాడు. రెండో అమ్మరాజు తండ్రి రెండో చాళుక్య భీముడు. ఆయన పట్టాభిషేక నామం విష్ణువర్ధనుడు. అందువల్ల ఈ అమ్మరాజు విజయాదిత్యుడయ్యాడు. ఇంటి పిలుపు ఒకటే అయినా సింహాసనం పేర్లు వేరు. ఇక మొదటి చాళుక్య భీముడికీ, రెండో చాళుక్య భీముడికీ ఇంటి పిలుపూ ఒకటే, సింహాసనం పేరూ ఒకటే, ఇద్దరూ విష్ణువర్ధనులే. పేరు ఒక్కదాన్నే చూసి రాజును పోల్చుకోవాలనుకుంటే ఇలాంటిచోట బోల్తా పడతాం.

శాసనం చదివేటప్పుడు దీన్ని విడదీయడానికి ఒక దారి ఉంది. వేంగి రాజుల రాగి రేకుల్లో ముందుగా వంశక్రమం వస్తుంది. అందులో ఫలానావాడి కొడుకు ఫలానావాడు ఇన్నేళ్లు ఏలాడు అని వరసగా చెప్పుకుంటూ వస్తారు. అక్కడ సాధారణంగా సొంత పేర్లు, పిలుపు పేర్లు కనిపిస్తాయి. ఆ వరస ముగిశాక, దానం ఇస్తున్న రాజు ఊరి రైతులను పిలిచి ఆజ్ఞాపించే వాక్యం మొదలవుతుంది. అక్కడికి రాగానే భాష బిగుసుకుంటుంది. ‘సర్వలోకాశ్రయ శ్రీ విష్ణువర్ధన మహారాజాధిరాజ’ అనో, ‘సమస్తభువనాశ్రయ శ్రీ విజయాదిత్య మహారాజాధిరాజ’ అనో వస్తుంది. అక్కడ ఉన్నది పట్టాభిషేక నామం. సర్వలోకాశ్రయ సాధారణంగా విష్ణువర్ధనుల పక్కన, సమస్తభువనాశ్రయ విజయాదిత్యుల పక్కన ఉంటాయి. అక్షరాలు అరిగిపోయి పేరు కనబడకపోయినా, ఈ విశేషణం మిగిలితే చాలావరకు ఊహించవచ్చు.

రేకులను గుచ్చిన కడియానికి ఒక ముద్ర ఉంటుంది. వరాహం బొమ్మ, అంకుశం, వాటితో పాటు ‘శ్రీ త్రిభువనాంకుశ’ అన్న అక్షరాలు కనిపిస్తాయి. కొత్తగా చూసినవాళ్లు అది దానం ఇచ్చిన రాజు పేరనుకుంటారు. కాదు. అది వంశం మొత్తానికి చెందిన బిరుదు, తరతరాలుగా ముద్ర మీద నిలిచిపోయింది. ముద్రను చూసి ఏ వంశమో చెప్పగలం, ఏ రాజో చెప్పలేం.

ఇప్పుడు మీ రాజు దగ్గరికి వద్దాం. ఆయనకు రాజేంద్రుడన్న పేరు ఎందుకు వచ్చిందో తెలిస్తే మిగతా ముడులు వాటంతటవే విడిపోతాయి. వేంగి విమలాదిత్యుడు చోళ రాజరాజు కూతురు కుందవను పెళ్లాడాడు. వాళ్లకు పుట్టిన కొడుక్కి తాతగారి పేరు పెట్టారు. ఆయనే మన రాజరాజు. శక సంవత్సరం 944లో, అంటే క్రీ.శ. 1022లో పట్టం కట్టుకున్నాడు. ఈ రాజరాజు మేనమామ కూతురు అమ్మంగను చేసుకున్నాడు. వాళ్ల కొడుక్కి మళ్లీ తల్లివైపు తాత పేరే పెట్టారు, రాజేంద్రుడని. మన గోదావరి జిల్లాల ఇళ్లలో ఈ ఆచారం ఇప్పటికీ చూస్తూనే ఉన్నాం.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. చోళ తాత రాజరాజుకు అది పుట్టుపేరు కాదు. ఆయన పుట్టుపేరు అరుళ్మొళి. రాజరాజు అన్నది రాజయ్యాక వచ్చిన పేరు. అలాగే మొదటి రాజేంద్రుడి పుట్టుపేరు మధురాంతకుడు. రాజేంద్రుడన్నది సింహాసనం పేరు. అంటే తాతలు గద్దె మీద సంపాదించుకున్న పేర్లు వేంగిలో మనవళ్లకు ఉయ్యాలలోనే పెట్టిన పేర్లయ్యాయి. కుబ్జ విష్ణువర్ధనుడి విషయంలో జరిగింది సరిగ్గా దీనికి ఎదురు. ఆయన సొంత పేరు తర్వాతివాళ్లకు సింహాసనం పేరయింది. అందుకే ‘రాజరాజు అసలు పేరా, బిరుదా’ అని మాటను పట్టుకుని అడిగితే జవాబు దొరకదు. ఎవరి విషయంలో అడుగుతున్నామో ముందు తేల్చుకోవాలి. తంజావూరు రాజరాజుకు అది బిరుదు లాంటి రాజనామం, రాజమహేంద్రవరం రాజరాజుకు పుట్టుపేరు. ఆయన పేరు చివర మనం కలిపి పలికే ‘నరేంద్రుడు’ రాజు అని చెప్పే మాటే, రెండో పేరు కాదు.

మనవడు రాజేంద్రుడు 1070లో చోళ సింహాసనం ఎక్కాడు. చోళులకూ వంతు పేర్లు ఉన్నాయి: రాజకేసరి, పరకేసరి. ఒక రాజు రాజకేసరి అయితే తర్వాతివాడు పరకేసరి. ఆయనకు ముందు కొద్దికాలం ఏలిన అధిరాజేంద్రుడు పరకేసరి. కాబట్టి కూతురి సంతానమై, బయటి వంశం నుంచి వచ్చినా, ఈయన రాజకేసరి అన్న వంతు తీసుకున్నాడు. నా దృష్టిలో కులోత్తుంగుడన్న కొత్త పేరు కన్నా ఇది పెద్ద రాజకీయం. ‘నేను వరస తెంచలేదు, వరసలోనే ఉన్నాను’ అని ప్రతి శాసనం మొదట్లోనూ చెప్పుకున్నట్టే కదా!

మొదటి నాలుగైదేళ్ల చోళ శాసనాల్లో ఆయన రాజకేసరి రాజేంద్ర చోళుడే. వాటిని చదివి తాత శాసనాలనుకునే ప్రమాదం ఉంది. తేడా పట్టిచ్చేది మళ్లీ ఆ వంతు పేరే. తాత పరకేసరి, మనవడు రాజకేసరి. రెండో రాజేంద్రుడు కూడా పరకేసరే కాబట్టి ఆయనతోనూ కలిసిపోదు. ఆ తర్వాత కులోత్తుంగుడన్న పేరు స్థిరపడింది. అటు పడమటి చాళుక్యుల ఆస్థానకవి బిల్హణుడు మాత్రం ఈయనను ‘రాజిగ’ అనే అన్నాడు. చోళ సింహాసనం మీద ఈయన హక్కును ఒప్పుకోని పక్షం అది. రాజు ఎంచుకున్న పెద్ద పేరు పలకకుండా చిన్నప్పటి పిలుపుతో సరిపెట్టడం వాళ్లకు తగినదే. ఎవరు ఏ పేరుతో పిలిచారన్నది కూడా సాక్ష్యమే.

ఇక బిరుదులు. ఇవి రాజు చేసిన పనికీ, కవుల పొగడ్తకూ సంబంధించినవి, వంతుతో పని లేదు, ఎన్నైనా ఉండవచ్చు. కులోత్తుంగుడికి తమిళంలో ‘శుంగం తవిర్త’ అన్న బిరుదు ఉంది. సుంకాలు తీసేసినవాడని అర్థం. అభయుడు, జయధరుడు అన్నవీ ఆయనవే. పట్టాభిషేక నామం ఆజ్ఞా వాక్యంలో తప్పనిసరి. బిరుదు తీసేసినా ఆజ్ఞ చెల్లుతుంది.

రాజమహేంద్రవరం సంగతి ఇక్కడే తేలుతుంది. రాజమహేంద్రుడు అన్నది బిరుదు. అది ఇద్దరు అమ్మరాజులకూ ఉంది. నన్నయ భారతం అవతారికలో రాజరాజును కూడా రాజమహేంద్రుడనే అన్నాడు. ఒకే బిరుదు ముగ్గురికి ఉన్నప్పుడు, ఊరి పేరు ఒక్కదాన్ని పట్టుకుని ఊరు కట్టించింది ఫలానా రాజే అని చెప్పలేం. నన్నయ వల్ల రాజరాజు మన మనసుల్లో నిలిచిపోయాడు కాబట్టి ఊరు ఆయనదే అనుకుంటాం. బిరుదు మాత్రం ఆయనకు నూరేళ్ల ముందే మొదటి అమ్మరాజుకు ఉంది. కాబట్టి ‘రాజమహేంద్రుడనే బిరుదు మీద వచ్చిన ఊరు’ అనండి, తప్పుండదు.

మీ గోడ మీద మూడు పేర్లూ ఉంచవచ్చు. కానీ మొదటిసారి వచ్చినచోట ఒకే వాక్యంలో కలిపేయండి: ‘రాజరాజ నరేంద్రుని కుమారుడు రాజేంద్రుడు, వేంగిలో విష్ణువర్ధనుడనే పట్టాభిషేక నామంతోను, చోళ సింహాసనంపై కులోత్తుంగుడనే పేరుతోను ఏలిన రాజు.’ ఆ తర్వాత కింద వరకూ కులోత్తుంగుడు అన్న ఒక్క పేరే వాడండి. ‘విష్ణువర్ధన బిరుదాంకితుడు’ అని రాయకండి. బిరుదాంకితుడు అన్న మాటను ‘శుంగం తవిర్త’ లాంటి వాటికి ఉంచండి. విష్ణువర్ధనుడి పక్కన ‘అనే నామాంతరం గల’ అంటే సరిపోతుంది. శాసనంలో చోడ అని ఉంటే అలాగే రాయండి, చోళ అని దిద్దకండి, తెలుగు శాసనాలలో వాడుక అదే. అన్నిటికన్నా ముఖ్యంగా, దానం ఇచ్చిన శక సంవత్సరం శాసనంలో ఉంటే దాన్ని తప్పకుండా చేర్చండి. కులోత్తుంగుడి తరఫున వేంగిని ఏలిన కొడుకు వీరచోడుడు కూడా తన రాగి రేకుల్లో విష్ణువర్ధన మహారాజాధిరాజే. మీ శాసనంలో విష్ణువర్ధనుడన్న పేరు ఒక్కటే ఉంటే తండ్రా కొడుకా అన్నది ఆ సంవత్సరమూ, శాసనంలో చెప్పిన తండ్రి పేరూ చూసి తేల్చుకోవాలి.