టెక్ సందేహాలు: కకురోలో 30 కనిపిస్తే ముందు అక్కడికే

"సార్, రోజూ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రోలో వెళ్తాను. సుడోకు బోర్ కొట్టి ఫోన్‌లో కకురో యాప్ వేసుకున్నాను. అడ్డంగానూ నిలువుగానూ ప్రతి వరుసలో 1 నుంచి 9 దాకా అంకెలు వేసి, ఇచ్చిన మొత్తం తేవాల్సిన పజిల్ అది. ఓ చిన్న పజిల్‌లోనే ఇరుక్కుపోయాను. రెండు అడ్డం వరుసలు, ఒక్కోదానిలో నాలుగు గళ్లు. పై వరుస మొత్తం 30, కింది వరుస 19. నిలువుగా ఎడమ నుంచి 7, 9, 16, 17. 19కి అంకెలు వేసి చెరిపి, మళ్లీ వేసి టెన్షన్ వచ్చేస్తోంది. ఊహించకుండా చేసే దారి ఉందా? ఏ మొత్తానికి ఏ అంకెలు వస్తాయో కంప్యూటర్‌లో పట్టిక తీసుకోవచ్చా?"
– ఒక పాఠకురాలు, మియాపూర్

ఉందండీ. మీ పజిల్‌లో ఒక్క అంకె కూడా ఊహించాల్సిన పని లేదు. చిక్కంతా 19తో మొదలుపెట్టడం వల్ల వచ్చింది. ఒక వరుసలో వేసిన అంకెను అదే వరుసలో మళ్లీ వేయకూడదు కదా. ఆ నియమం పాటిస్తూ నాలుగు గళ్లలో 19 తేవడానికి 11 రకాల గుంపులున్నాయి. 1, 2, 7, 9 ఒకటి. 2, 3, 5, 9 ఇంకొకటి. 3, 4, 5, 7 మరొకటి. ఇలా పోతూనే ఉంటుంది. అదే పై వరుసలోని 30కి ఒక్క గుంపే ఉంది: 6, 7, 8, 9. తొమ్మిది అంకెల్లో అన్నిటికంటే పెద్దవి నాలుగూ కలిస్తేనే 30 అవుతుంది, ఏ ఒక్కటి తగ్గినా మొత్తం తగ్గిపోతుంది. అంటే గడిలో ఏమీ రాయకముందే పై వరుసలో ఏ నాలుగు అంకెలున్నాయో మనకు తెలిసిపోయింది. ఏది ఎక్కడుందో మాత్రం తెలియదు. ఆ సంగతి నిలువు వరుసలు చెబుతాయి.

ఎడమ చివరి నిలువు 7 చూడండి. రెండు గళ్లలో 7 అంటే 1, 6 కావచ్చు, 2, 5 కావచ్చు, 3, 4 కావచ్చు. కానీ పై గడి 30 వరుసలోది, అందులో 6 కంటే చిన్న అంకె పట్టదు. కాబట్టి పైన 6, కింద 1. మూడు దారులున్న ఆధారం ఒకే దారికి వచ్చేసింది. ఒకే గుంపున్న వరుసను ముందు పట్టుకోవడం వల్ల వచ్చే లాభం ఇదే. దాన్ని దాటి వెళ్లే ప్రతి నిలువు వరుసనూ అది కుదించేస్తుంది.

కుడి చివరన 17 ఉంది. రెండు గళ్లలో 17కి 8, 9 తప్ప ఇంకేం కుదరవు. దాని పక్కన 16. ఎనిమిదీ ఎనిమిదీ వేయకూడదు కాబట్టి దానికి 7, 9 మాత్రమే. రెండో నిలువు 9 దగ్గర పై గడిలో 6, 7, 8లో ఏదైనా పట్టేది, కానీ 6 ఇప్పటికే వాడేశాం. కాబట్టి అక్కడ 7 లేదా 8.

ఇప్పుడు పై వరుసలో మూడు గళ్లు మిగిలాయి, 7, 8, 9 మిగిలాయి. రెండో గడిలో 7 లేదా 8, మూడో గడిలో 7 లేదా 9, నాలుగో గడిలో 8 లేదా 9. రెండో గడిలో ఏది వేసినా మిగతా రెండూ వాటంతటవే తేలిపోతాయి. 7 వేస్తే వరుస 6, 7, 9, 8 అవుతుంది. 8 వేస్తే 6, 8, 7, 9 అవుతుంది.

చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏదో ఒకటి వేసేస్తారు. వేయకండి. రెండో గడిలో 8 వేస్తే దాని కింద 1 రావాలి, ఎందుకంటే నిలువు మొత్తం 9. కింది వరుసలో మొదటి గడిలో ఇప్పటికే 1 ఉంది. ఒకే వరుసలో రెండు ఒకట్లు కుదరవు. ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి పైన 7, దాని కింద 2. తర్వాత 9, దాని కింద 7. చివర్లో 8, దాని కింద 9. కింది వరుస 1, 2, 7, 9. కూడితే 19.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. మిమ్మల్ని ఇన్నిసార్లు తిప్పిన 19ని మనం అసలు వాడనేలేదు, చివర్లో సరిచూసుకున్నామంతే. రెండోది, మనం కొట్టేసిన దారిలో కింది వరుస 1, 1, 9, 8 అవుతుంది. దాని మొత్తం కూడా 19! మొత్తాలు మాత్రమే చూసుకుంటూ పోతే ఆ తప్పు జవాబు కూడా సరైనట్టే కనిపిస్తుంది. మీరు వేసి చెరిపిన వాటిలో ఇదీ ఉండే ఉంటుందని నా అనుమానం. మొత్తం కుదిరిన ప్రతిసారీ వరుసలో అంకె రెండుసార్లు పడిందేమో చూడాలి.

యాప్‌లో పెన్సిల్ గుర్తు గానీ నోట్స్ అనే బటన్ గానీ ఉంటే వాడండి. అయితే 30 చూడగానే నాలుగు గళ్లలోనూ 6, 7, 8, 9 నింపేయకండి. అడ్డానికీ నిలువుకూ రెండిటికీ సరిపోయేవి మాత్రమే రాయండి. మీ పజిల్‌లో అలా రాస్తే మొదటి గడిలో ఒక్క 6 మాత్రమే మిగిలేది, దారి అక్కడే కనిపించేది. ఫోన్ తెరలో గడి చిన్నది కాబట్టి ఎక్కువ నోట్స్ ఉంటే కళ్లకు ఏదీ ఆనదు కూడా.

ఇక పట్టిక సంగతి. మొత్తం బట్టీ పట్టాల్సిన పని లేదు, అది ఎలా తయారవుతుందో తెలిస్తే చాలు. మూడు గళ్లు తీసుకోండి. అన్నిటికంటే తక్కువ మొత్తం 1+2+3, అంటే 6. దీనికి ఇంకో గుంపు ఉండే అవకాశమే లేదు. మొత్తాన్ని ఒకటి పెంచి 7 చేయాలంటే 1ని పెంచలేం, 2 ఉంది. 2ని పెంచలేం, 3 ఉంది. 3ని 4 చేయడం ఒక్కటే మార్గం. కాబట్టి 7కి కూడా 1, 2, 4 ఒక్కటే. 8కి వచ్చేసరికి రెండు దారులు తెరుచుకుంటాయి: 1, 2, 5 లేదా 1, 3, 4. అక్కడితో ఒకే గుంపు కథ ముగిసింది. పై చివర నుంచి కిందికి దిగినా ఇదే జరుగుతుంది. 24కి 7, 8, 9. 23కి 6, 8, 9. 22కి మళ్లీ రెండు. రెండు గళ్ల నుంచి ఏడు గళ్ల దాకా ప్రతి పొడవుకూ ఇలా కింద రెండు, పైన రెండు, మొత్తం నాలుగేసి ఉంటాయి.

పైవాటిని విడిగా గుర్తుపెట్టుకోనక్కర్లేదు. చిన్న గుంపులోని ప్రతి అంకెనూ 10లోంచి తీసేయండి, పెద్ద గుంపు వస్తుంది. 1, 2, 4ని అలా చేస్తే 9, 8, 6. ఆ మొత్తం 23. నాలుగు గళ్లలో 11కి 1, 2, 3, 5 అని తెలిస్తే, 29కి 9, 8, 7, 5 అని చేతివేళ్ల మీదే చెప్పేయొచ్చు. ఎనిమిది గళ్ల వరుస ఇంకా తేలిక. తొమ్మిది అంకెలూ కలిపితే 45, వరుస మొత్తాన్ని అందులోంచి తీసేస్తే వచ్చేదే ఆ వరుసలో లేని అంకె. ఎనిమిది గళ్లలో 38 అంటే 7 ఒక్కటే లేదు.

ఇందులో అందరూ చేసే పొరపాటు గళ్లు లెక్కపెట్టకపోవడం. 16 చూడగానే 7, 9 అనుకోవడం అలవాటైపోతుంది. అది రెండు గళ్లకే. మూడు గళ్లలో 16కి ఎనిమిది గుంపులున్నాయి. ఐదు గళ్లకు వచ్చేసరికి మళ్లీ ఒక్కటే, కానీ అది 1, 2, 3, 4, 6. పొడవు తెలియకుండా మొత్తం ఒక్కటే చూసి అంకె వేయకూడదు.

కంప్యూటర్‌లో పట్టిక కావాలంటే, పైథాన్ ఉన్న ల్యాప్‌టాప్‌లో ఈ కింది వరుసల్ని `kakuro.py` అనే పేరుతో సేవ్ చేసి, కమాండ్ విండోలో `python kakuro.py` కొట్టండి.

```python
from itertools import combinations

for k in range(2, 10):
    for s in range(3, 46):
        c = [x for x in combinations(range(1, 10), k) if sum(x) == s]
        if len(c) == 1:
            print(k, s, c[0])
```

ఇందులో `k` గళ్ల సంఖ్య, `s` మొత్తం. `combinations` అంకెను రెండోసారి వాడదు కాబట్టి కకురో నియమం దానంతటదే అమలవుతుంది. రెండు నుంచి తొమ్మిది గళ్ల దాకా పొడవూ మొత్తమూ కలిపి 120 రకాల ఆధారాలు సాధ్యం. అందులో ఒకే గుంపున్నవి 34, అవే మీకు తెర మీద వస్తాయి. `len(c) == 1` బదులు `len(c) in (1, 2)` అనీ, చివరి వరుసలో `c[0]` బదులు `c` అనీ మారిస్తే రెండు దారులున్నవి కూడా వస్తాయి. కొంచెం పెద్ద పజిళ్లకు వెళ్లాక అవీ బాగా పనికొస్తాయి. ప్రింట్ తీసి బ్యాగ్‌లో పెట్టుకోండి, అమీర్‌పేట దాటేలోపు ఓసారి చూసుకోవచ్చు.

ప్లే స్టోర్‌లో వెతికేటప్పుడు Cross Sums అని కూడా కొట్టి చూడండి. అమెరికాలో డెల్ పత్రికలు ఈ పజిల్‌ను 1960ల్లోనే ఆ పేరుతో వేసేవి. జపాన్ వాళ్లు దాన్ని తీసుకుని తమ భాషలో కూడిక అనే మాటనూ క్రాస్ అనే మాటనూ కలిపి కుదించారు, కకురో అనే పేరు అలా వచ్చింది.

చివరగా ఒక జాగ్రత్త. ఒక్కో ఆధారానికి ఒకే గుంపు ఉన్నంత మాత్రాన పజిల్‌కు ఒకే జవాబు ఉంటుందని కాదు. రెండు అడ్డం, రెండు నిలువు, నాలుగు గళ్లు, నాలుగు మొత్తాలూ 3 అనుకోండి. అన్నింటికీ 1, 2 మాత్రమే. అయినా పైన 1, 2 వేసి కింద 2, 1 వేయొచ్చు. తిరగేసి కూడా వేయొచ్చు. రెండూ సరైనవే. సరిగా తయారుచేసిన పజిల్‌లో ఇలాంటి చోట ఎక్కడో ఒక గడిని దాటి వెళ్లే ఇంకో వరుస ఉండి ఒక దారిని మూసేస్తుంది.

పజిల్‌లోనే తప్పుందేమో అని అనుమానం వస్తే అడ్డం ఆధారాలన్నీ ఒకవైపు, నిలువు ఆధారాలన్నీ ఒకవైపు కూడండి. ప్రతి గడీ ఒక అడ్డంలోనూ ఒక నిలువులోనూ లెక్కకొస్తుంది కాబట్టి రెండు మొత్తాలూ సమానంగా ఉండాలి. మీ పజిల్‌లో 30, 19 కలిపితే 49. 7, 9, 16, 17 కలిపినా 49. ఒకసారి అచ్చులో వచ్చిన కకురో మీద నేను ఆదివారం సాయంత్రమంతా కూర్చున్నాను. ఎంతకీ తేలక ఇలా కూడి చూస్తే ఒకవైపు 2 తక్కువ వచ్చింది. ఎక్కడో ఒక ఆధారం తప్పు పడింది. ఈ పరీక్ష ఒక్క అంకె అచ్చుతప్పును పట్టిస్తుంది కానీ, రెండు జవాబులున్న పజిల్‌ను పట్టించదు. మీ యాప్‌లో ఎప్పుడైనా నియమాలన్నీ పాటించిన మీ జవాబును తప్పని చూపిస్తే, ఆ తెరను స్క్రీన్‌షాట్ తీసి యాప్ పేజీలో ఉన్న ఈమెయిల్‌కు పంపండి. అక్కడ సరిచేసుకోవాల్సింది మీరు కాదు, వాళ్లు.