నాలుగేళ్ల చాఫ్ కట్టరా, పదేళ్లదా?

సందేహం: సార్, మాకు పది గేదెలున్నాయి. నేపియర్ గడ్డి కోయడానికి రెండు చాఫ్ కట్టర్లు చూశాను. ఒకటి రూ.30 వేలు, నాలుగేళ్లు వస్తుంది, ఏటా రిపేర్లు, కరెంటు రూ.8 వేలు. రెండోది రూ.66 వేలు, పదేళ్లు వస్తుంది, ఏటా రూ.7 వేలు. ధరను ఏళ్లతో భాగిస్తే పెద్దదే చవక అంటున్నాడు డీలర్. నూటికి రూపాయి వడ్డీకి డబ్బు తెస్తున్నాను. ఏది కొనాలి? – పాడి రైతు, ఇబ్రహీంపట్నం

సలహా: డీలర్ చెప్పింది తప్పు లెక్క. 66 వేలను పదితో భాగించి 6,600 అనేస్తే, అప్పుకు కట్టే వడ్డీ ఎక్కడికి పోయింది? డబ్బు మొత్తం మొదటి రోజే పోతుంది, పని మాత్రం పదేళ్లలో కొంచెం కొంచెంగా వస్తుంది. ఆయుష్షు వేరైన యంత్రాలను పోల్చాలంటే ఒక్కోదానికి వడ్డీతో కలిపి ఏడాదికి ఎంత పడుతుందో చూడాలి. దీన్నే సమాన వార్షిక ఖర్చు పద్ధతి అంటారు.

మీ వడ్డీ ఏడాదికి 12 శాతం. వచ్చే ఏడాది చేతికొచ్చే రూపాయి ఇవాళ్టి 0.893కి సమానం, రెండో ఏడాదిది 0.797, మూడోది 0.712, నాలుగోది 0.636. కలిపితే దాదాపు 3.037. ధరను నాలుగుతో కాదు, దీంతో భాగించాలి. 30 వేలకు ఏటా 9,877 వస్తుంది, ఖర్చు 8 వేలు కలిపితే 17,877. పదేళ్లకు ఇదే అంకె 5.65. 66 వేలకు 11,681, దానికి 7 వేలు కలిపితే 18,681. అంటే చిన్నదే ఏటా సుమారు 800 చవక. ఫోన్‌లో ఎక్సెల్ ఉంటే ఇలా కొట్టండి, వచ్చిన దానికి ఏటా ఖర్చు కలుపుకోండి:

```
=PMT(12%,4,-30000)
=PMT(12%,10,-66000)
```

వడ్డీ మారితే జవాబూ మారుతుంది. 7 శాతానికి బ్యాంకు అప్పు దొరికితే పెద్దదే ఏటా 460 చవక. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారో, పెద్దది ఏటా దాదాపు 4,450 ఎక్కువ పడుతుంది. ముందు అప్పు సంగతి తేల్చుకోండి, యంత్రం సంగతి తర్వాత.

ఇక అసలు అనుమానం ఆ పదేళ్ల మీదే. అది ఎవరు చెప్పారు? అమ్మేవాడే కదా! ఎనిమిదేళ్లకే మూలపడితే ఏటా ఖర్చు 20,286కి ఎక్కుతుంది. అదే మోడల్ ఐదారేళ్లుగా వాడుతున్న రైతు దగ్గరికెళ్లి బేరింగులు, గేర్లు ఎన్నిసార్లు మార్చారో అడగండి. మందు డబ్బా మీది మోతాదును నమ్మరు గానీ, డీలర్ చెప్పిన ఆయుష్షును నమ్మేస్తారేం?

ఈ లెక్క ఒక షరతు మీద నిలుస్తుంది: చిన్నది పాడయ్యాక అదే ధరకు మళ్లీ కొంటారని. ధర బాగా పెరిగితే ఆ 800 తేడా కరిగిపోతుంది. ఐదారేళ్లలో పాడి మానేసే ఆలోచన ఉంటే ఈ పద్ధతి వాడొద్దు, అప్పటికి పాత యంత్రం ఎంతకు పోతుందో చూసి లెక్కించాలి. రెండూ గంటకు ఒకే మేర గడ్డి కోస్తాయో లేదో కూడా చూడండి. కోయకపోతే కూలి తేడాను ఏటా ఖర్చులో కలపాలి. మీరు చెప్పిన వడ్డీకైతే చిన్నదే తీసుకోండి.