డాక్టర్ రాసిన డయాగ్నసిస్‌కి ఐసీడీ కోడ్ పెట్టేటప్పుడు ఏది రివ్యూకి పంపాలి?

"యూఎస్ క్లినిక్ అవుట్‌పేషెంట్ రికార్డులు చేస్తున్నాను. డాక్టర్లు డయాగ్నసిస్ ఇష్టమొచ్చినట్టు టైప్ చేస్తారు. నా దగ్గర పదం పక్కన కోడ్ పెట్టిన ఎక్సెల్ షీట్ ఉంది కానీ సగం లైన్లు డౌటే. అన్నీ రివ్యూకి పంపితే టీఎల్ ఊరుకోడు, పంపకపోతే ఆడిట్‌లో ఎర్రర్ పడుతుంది. ఏది పంపాలి, ఏది వదిలేయాలి?"

అసలు తిరకాసు ఆ షీట్‌లోనే ఉందండీ. పదానికో కోడ్ అని పెట్టుకుంటే డౌట్ లేనట్టు కనిపించే లైన్లే ఎక్కువ తప్పుతాయి. నేను హైదరాబాద్‌లో కొన్నేళ్లు అవుట్‌పేషెంట్ చార్ట్‌లు కోడ్ చేసి, తర్వాత ఇదే పనికి రూల్స్ రాసే టీమ్‌లోకి వచ్చాను. అక్కడ మాకు బాగా పనికొచ్చింది ఒకటే: డౌట్లని రెండుగా విడదీయడం. చార్ట్ తెరిస్తే కోడరే తేల్చగలిగేవి ఒక రకం, డాక్టర్ని అడిగితే తప్ప తేలనివి ఇంకో రకం. రెంటినీ ఒకే కాలమ్‌లో పడేస్తే మీ టీఎల్ అన్నాడని కాదు, ఎవరైనా విసుక్కుంటారు.

ఒక లైన్ తీసుకుందాం, ఇలాంటివి రోజూ వస్తాయి:

```
DM2, HTN, CKD 3, ?UTI, h/o CVA
```

మీ షీట్ మొదటి మూడింటికి E11.9, I10, N18.30 ఇస్తుంది. విడివిడిగా చూస్తే మూడూ కరెక్టే, కలిపి చూస్తే మొదటి రెండూ తప్పు. షుగరు, కిడ్నీ జబ్బు రెండూ రాసి ఉంటే, వాటికి సంబంధం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తే తప్ప, ఉన్నట్టే తీసుకోమని గైడ్‌లైన్స్ చెప్తాయి. బీపీ, కిడ్నీ జబ్బుకీ అదే లెక్క. కాబట్టి ఇక్కడ రావాల్సినవి E11.22, I12.9, N18.30. దీన్ని రివ్యూకి పంపక్కర్లేదు, డాక్టర్ని అసలే అడగక్కర్లేదు. లైన్ మొత్తం ఒకేసారి చూసే రూల్ రాసుకుంటే చాలు. మందుల లిస్ట్‌లో రోజూ వేసుకునే మెట్‌ఫార్మిన్ ఉంటే Z79.84 కూడా కలుస్తుంది.

స్టేజ్ 3 దగ్గర ఒక ఆశ పుడుతుంది. ల్యాబ్ రిపోర్ట్‌లో eGFR 41 అని ఉంటుంది, 30 నుంచి 44 మధ్య అంటే 3బి కదా, N18.32 వేసేద్దాం అనిపిస్తుంది. వేయకూడదు. ల్యాబ్ నంబర్ చూసి డయాగ్నసిస్ తేల్చే పని కోడర్‌ది కాదు, డాక్టర్ ఆ స్టేజ్ రాయాలి. రాయకపోతే N18.30 చెల్లుతుంది. క్లయింట్ ఆ వివరం కావాలంటే డాక్టర్ని అడగొచ్చు, లేకపోతే బిల్లు ఆపి కూర్చోనక్కర్లేదు.

ఇక ?UTI. అవుట్‌పేషెంట్‌లో అనుమానాన్ని జబ్బుగా కోడ్ చేయకూడదు, ఆ విజిట్‌లో రాసిన లక్షణాన్ని చేయాలి. మూత్రానికి వెళ్తే మంట అని నోట్‌లో ఉంటే R30.0. ఇదే అనుమానం హాస్పిటల్ ఇన్‌పేషెంట్ స్టేలో డిశ్చార్జ్ సమయానికీ అలాగే మిగిలి ఉంటే, హాస్పిటల్ బిల్లులో జబ్బు ఉన్నట్టే కోడ్ చేస్తారు, N39.0 వస్తుంది. అంటే ఒకే ముక్కకి రెండు జవాబులు, అందుకే ఎన్‌కౌంటర్ టైప్ కాలమ్ లేని షీట్‌ని నేను నమ్మను. ఈ రకం కోడర్ క్యూలోకి వెళ్తుంది, ఎందుకంటే లక్షణం ఏంటో నోట్ చదివితేనే తెలుస్తుంది. పట్టుకోవడానికి మేం వాడింది దాదాపు ఇదే:

```
(?<!\w)\?|\?(?!\w)|\b(r/o|rule out|possible|probable|suspected|likely|c/w)\b
```

ప్రశ్నార్థకానికి అంత హడావిడి ఎందుకంటే, రికార్డ్ ఎక్స్‌పోర్ట్ అయ్యేటప్పుడు ఎన్‌కోడింగ్ చెడితే అపాస్ట్రఫీ కాస్తా ప్రశ్నార్థకం అయిపోతుంది. `Alzheimer?s disease` అని వస్తుంది. పాపం డాక్టర్‌కి ఏ అనుమానమూ లేదు. రెండువైపులా అక్షరాలుంటే వదిలేయమని పై రూల్ అర్థం. బుల్లెట్లు కూడా ఇలాగే మారిపోయి ప్రతి లైన్ ముందూ ప్రశ్నార్థకం కనిపిస్తుంటే మాత్రం రూల్‌తో కుస్తీ పట్టకండి, ఎక్స్‌పోర్టే సరిచేయించండి.

చివరిది h/o CVA. దీనికి I63.9 పెడితే ఆడిట్‌లో ఖాయంగా దొరికిపోతారు, అది ఇప్పుడు జరుగుతున్న స్ట్రోక్‌కి. పాత స్ట్రోక్ అయి, ఏ లోపమూ మిగలకపోతే Z86.73. అయితే ఎగ్జామ్‌లో ఎడమ చేయి, కాలు బలహీనం అని రాసి ఉంటే? ఆ బలహీనత స్ట్రోక్ వల్లే అని డాక్టర్ రాసి ఉంటే కోడరే I69 గ్రూప్‌లోకి తీసుకెళ్తాడు. కారణం రాయకపోతే అది కోడర్ చేతిలో లేదు, డాక్టర్ క్యూలోకి పోవాలి. చూశారా, ఒకే ముక్క, చార్ట్ తెరిచాక మూడు దారులు.

డాక్టర్‌కి పంపే క్వెరీ రాయడంలోనూ జాగ్రత్త ఉండాలి. "ఈ బలహీనత స్ట్రోక్ వల్ల అని రాయగలరా" అంటే మీరే జవాబు అందించినట్టు. ఎగ్జామ్‌లో ఉన్నది ఉన్నట్టు చూపించి, కారణం ఏమిటో రాయమని అడగండి. ఆప్షన్లు ఇస్తే చార్ట్‌కి సరిపోయేవి ఇచ్చి, "వేరే కారణం", "చెప్పలేం" కూడా పెట్టండి. బిల్లు ఎంత పెరుగుతుందో, తగ్గుతుందో క్వెరీలో మాట్లాడకూడదు. కొన్ని పదాలైతే క్వెరీ లేకుండా కదలవు. `urosepsis` అలాంటిదే, దానికి డిఫాల్ట్ కోడ్ లేదు, సెప్సిస్ అని అనుకోకూడదు, అడగాల్సిందేనని గైడ్‌లైన్స్‌లోనే ఉంది.

ఇప్పుడు ఫ్లాగే పడకుండా జారిపోయేవి. మాకు వచ్చిన ఒక పాత షీట్‌లో `RA` పక్కన M06.9 ఉండేది, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్. కీళ్ల మందులేవీ లేనివాళ్లకి, ఆఖరికి జలుబుతో వచ్చిన పిల్లలకి కూడా ఆ కోడ్ పడుతుంటే చార్ట్ తెరిచి చూశాం. వైటల్స్‌లో `SpO2 97% RA` అని ఉంది, ఆక్సిజన్ పెట్టకుండా మామూలు గాలిలో చూశారని దానర్థం. `PE` కూడా అంతే, ఒకచోట ఊపిరితిత్తుల్లో గడ్డ, ఇంకోచోట ఫిజికల్ ఎగ్జామ్ హెడ్డింగ్. అందుకని ఇలా రెండు అర్థాలొచ్చే పొట్టి పదాలని అసెస్‌మెంట్ సెక్షన్‌లో ఉంటేనే తీసుకోండి, అక్కడ కూడా మందో, పరీక్షో, పూర్తి పేరో తోడు లేకపోతే కోడర్ క్యూలో వేయండి.

మీ టీఎల్ గొడవ తీరాలంటే "రివ్యూ" అని ఒక్క మాట పెట్టకుండా కారణం రాయండి: అనుమానం, పొట్టి పదం, పాత జబ్బా ఇప్పటిదా, కారణం రాయలేదు, ఇలా. కొన్నాళ్లకి కారణం వారీగా చూస్తే, ఏదో ఒక కారణంతో పోయినవన్నీ కోడర్ మార్పు లేకుండా తిప్పి పంపుతున్నట్టు తెలుస్తుంది, ఆ రూల్ బిగించండి. ఫ్లాగ్ పడని వాటిలోంచి కూడా వారం వారం కొన్ని తీసి చార్ట్‌తో పోల్చండి, `RA` లాంటివి అక్కడే దొరుకుతాయి. కోడ్‌లు ఏటా అక్టోబర్ 1న మారతాయి కాబట్టి ప్రతి రూల్‌కీ ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అని పెట్టుకోండి. చూడాల్సింది సర్వీస్ తేదీని, మీరు కోడ్ చేస్తున్న తేదీని కాదు.